జి సెవెన్ నుంచి సి మేజర్‌కి: బిగువు, విడుపు గురించి తరగతిలో ఏ ప్రశ్నలు ఎలా అడగాలి

నెల్లూరు, కావలి, ఒంగోలు వంటి ఊళ్లలో కీబోర్డు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు ఎక్కువగా రెండు దారుల్లో వస్తారు. కొందరు సరళీ స్వరాలు, గీతాలు నేర్చుకుని వస్తారు. వాళ్లకు స్వరం తెలుసు కానీ మూడు నాలుగు స్వరాలు ఒకేసారి మోగితే చెవి తడబడుతుంది. మిగిలినవాళ్లు చర్చి గాయక బృందం నుంచి వస్తారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు 1840లో నెల్లూరుకు, 1866లో ఒంగోలుకు వచ్చినప్పటి నుంచి ఈ ప్రాంతపు చర్చిల్లో పాశ్చాత్య కీర్తనల బాణీలు వినిపిస్తున్నాయి కాబట్టి, ఈ పిల్లలకు కార్డ్‌ల పేర్లు తెలియకపోయినా వాటి నడక చెవికి అలవాటే. సిద్ధాంతం తరగతిలో అడిగే ప్రశ్న ఈ ఇద్దరికీ పనికిరావాలి. అందుకే కింద చెప్పే ప్రతి ప్రశ్నలో కార్డ్‌ను స్వరాలుగా విడదీసి చెబుతున్నాను. సి ని షడ్జమం అనుకుంటే, శంకరాభరణం మేళం కీబోర్డు మీద తెల్ల మెట్లన్నీ అవుతుంది. సి మేజర్ అంటే స గ ప. ఎఫ్ మేజర్ అంటే మ ధ స. జి సెవెన్ అంటే ప ని రి మ. ఇక్కడ సి మేజర్ ఇల్లు, అంటే టానిక్; పంచమం మీద కట్టిన జి సెవెన్ డామినెంట్ సెవెంత్.

ప్రశ్నపత్రాల్లో తరచుగా కనిపించే ప్రశ్న ఒకటుంది: ‘డామినెంట్ సెవెంత్ కార్డ్ తర్వాత టానిక్ ఎందుకు వస్తుంది?’ పిల్లలు రాసే జవాబు: ‘డామినెంట్ బిగువు పుట్టిస్తుంది, టానిక్ దాన్ని విడుస్తుంది.’ ఇది ప్రశ్ననే తిప్పి చెప్పడం. పూర్తి మార్కులు వచ్చినా విద్యార్థికి ఏమీ వినిపించలేదు. దీనికి విరుగుడు ఒకటే. ‘ఎందుకు’ అని అడగడానికి ముందు ‘ఏది మారింది’ అని అడగాలి. కార్డ్‌ల వరుసలో ఒక్క అంశాన్ని మాత్రమే మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచి, రెండు రకాలూ వాయించి తేడా చెప్పమనాలి. కారణం ఆ తేడాలోనే దొరుకుతుంది.

ముందుగా గదిని, చేతులను సిద్ధం చేయడం

శ్రుతి పెట్టె ఆపేయండి. సంగీతం తరగతిలో ఈ మాట వింతగా అనిపించవచ్చు, కానీ దీనికి బలమైన కారణం ఉంది. షడ్జమం, పంచమం వెనుక నిరంతరం మోగుతుంటే చెవి ఇల్లు వదిలి వెళ్లినట్టే అనిపించదు. వెళ్లనిదే తిరిగి రావడం కూడా ఉండదు. పైగా జి సెవెన్‌లోని నిషాదం ఆ షడ్జమంతో అర్ధస్వరం దూరంలో నిలబడి ఒరుసుకుంటుంది. పిల్లలు ఆ ఒరిపిడినే బిగువు అనుకుని జవాబు చెబుతారు. అదే విధంగా కీబోర్డులో రిథమ్‌తో వచ్చే ఆటో అకంపనిమెంట్‌ను, ఒక్క వేలితో కార్డ్ మోగించే సదుపాయాన్ని కూడా ఆపాలి. వాటిలో ఏ స్వరం ఎక్కడ మోగుతోందో విద్యార్థి చేతిలో ఉండదు.

తరగతి మొత్తానికి ఒకే వరుస తీసుకోండి: సి, ఎఫ్, జి సెవెన్, సి. ఎడమ చేతిలో మూల స్వరం మాత్రమే: స, మ, ప, స. కుడి చేతిలో ఈ అమరిక:

సి మేజర్: స గ ప
ఎఫ్ మేజర్: స మ ధ
జి సెవెన్: ని మ ప (నిషాదం షడ్జమానికి కిందిది)
సి మేజర్: స గ ప

జి సెవెన్‌లో రిషభం వదిలేశాం. నష్టం లేదు, ఎందుకంటే మన ప్రశ్నలకు కావలసినవి నిషాదం, మధ్యమం. వేళ్లు దగ్గరి దారిలో కదలడమే ఇక్కడ ముఖ్యం. విద్యార్థి ప్రతి కార్డ్‌నూ దాని మూల స్వరం నుంచి పేర్చి, చేతిని ఎత్తి ఒక చోటి నుంచి మరో చోటికి దూకిస్తే, ఏ స్వరం ఎక్కడికి వెళ్లిందో ఎవరికీ వినిపించదు. ప్రశ్న ఎంత బాగున్నా జవాబు రాకపోతే ముందు చూడవలసింది ఈ దూకుడునే.

మొదటి ప్రశ్న: కదలని వేలు

ఎఫ్ మేజర్ నుంచి జి సెవెన్‌కు నెమ్మదిగా వెళ్లమనండి. కుడి చేతిలో షడ్జమం నిషాదానికి దిగుతుంది, ధైవతం పంచమానికి దిగుతుంది, మధ్యమం మీది వేలు మాత్రం కదలదు. ఇప్పుడు ప్రశ్న: ‘వేలు కదలలేదు, స్వరం మారలేదు. ఎఫ్ మేజర్‌లో హాయిగా ఉన్న మధ్యమం, జి సెవెన్‌లో ఎందుకు నిలవలేకపోతోంది?’

బిగువు గురించి అడగదగ్గ మొదటి ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం. బిగువు ఒక స్వరంలో దాగి ఉండే గుణం కాదనీ, పక్కన ఏమి మోగుతోందన్న దాన్ని బట్టి పుడుతుందనీ విద్యార్థి మొదటి అడుగులోనే గ్రహిస్తాడు. ఎఫ్ మేజర్‌లో మధ్యమమే మూలం, ఎడమ చేతిలోనూ అదే మోగుతోంది. జి సెవెన్‌కు రాగానే కింద పంచమం చేరింది, పక్కన నిషాదం చేరింది. ఎడమ చేతి పంచమం నుంచి లెక్కపెడితే మధ్యమం ఏడో స్వరమైంది. నిషాదం నుంచి లెక్కపెడితే ఆరు అర్ధస్వరాల దూరంలో పడింది. పన్నెండు అర్ధస్వరాల స్థాయిని సరిగ్గా సగానికి కోసే ఈ దూరాన్నే ట్రైటోన్ అంటారు.

విద్యార్థి ‘జి సెవెన్ అపస్వరంగా ఉంది, అందుకే’ అంటే అక్కడే ఆగండి. ఇది చాలా మంది చెప్పే జవాబు. సగం తప్పు. సి, సి షార్ప్ కలిపి నొక్కమనండి. జి సెవెన్ కంటే ఎంతో కర్కశంగా ఉంటుంది. రెండు దగ్గరి స్వరాలు కలిసి మోగినప్పుడు శబ్దం పెరుగుతూ తగ్గుతూ కొట్టుకోవడం వల్ల ఆ కర్కశత్వం వస్తుందని హెల్మ్‌హోల్ట్జ్ 1863లో వెలువరించిన గ్రంథంలో వివరించాడు. అయితే ఆ రెండు స్వరాల తర్వాత ఏమి రావాలో చెప్పమని అడిగితే తరగతిలో ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు. జి సెవెన్ తర్వాత అడిగితే దాదాపు అందరూ ఒకే చోటు చూపిస్తారు. కర్కశత్వం వేరు, దారి చూపించే బిగువు వేరు. ఈ తేడా తేలకుండా తర్వాతి ప్రశ్నకు వెళ్లకూడదు.

రెండో ప్రశ్న: రెండు స్వరాలు, రెండు ఇళ్లు

ముందుగా సి మేజర్ కార్డ్ నాలుగైదుసార్లు వాయించి చెవిలో నిలపండి. తర్వాత నిషాదం, దాని పై మధ్యమం మాత్రమే కలిపి నొక్కి ఆపేయండి. ‘ఈ రెండూ ఎక్కడికి వెళితే మీకు స్థిమితంగా ఉంటుంది? పాడి చూపించండి’ అని అడగండి. చెప్పమని కాదు, పాడమనే అడగాలి. మాటల్లో అడిగితే పుస్తకం జవాబు వస్తుంది, పాడమంటే చెవి జవాబు వస్తుంది. నిషాదం అర్ధస్వరం ఎక్కి షడ్జమం చేరుతుంది, మధ్యమం అర్ధస్వరం దిగి గాంధారం చేరుతుంది. రెండూ అతి దగ్గరి మెట్టుకే, ఎదురెదురు దిశల్లో వెళ్లాయి. శంకరాభరణంలో గీతాలు పాడిన పిల్లలకు ‘ని స’, ‘మ గ’ అనే ఈ రెండు అడుగులూ కొత్తవి కావు. అవి ఒకే క్షణంలో పడటమే కొత్త.

ఇప్పుడు అసలు మెలిక. కాసేపు ఆగి, ఎఫ్ షార్ప్ మేజర్ కార్డ్ వాయించండి. మూడూ నల్ల మెట్లే: ఎఫ్ షార్ప్, ఎ షార్ప్, సి షార్ప్. అది చెవిలో నిలిచాక మళ్లీ అదే బి, అదే ఎఫ్ నొక్కండి. మళ్లీ అదే ప్రశ్న అడగండి. ఈసారి ఎఫ్ అర్ధస్వరం పైకి వెళ్లి ఎఫ్ షార్ప్ చేరాలనిపిస్తుంది, బి అర్ధస్వరం కిందికి దిగి ఎ షార్ప్ చేరాలనిపిస్తుంది. నొక్కిన మెట్లు అవే, దిశలు తారుమారయ్యాయి.

కర్ణాటక సంగీతం నేర్చుకున్న ఒక అమ్మాయితో ఈ చోట జరిగిన సంభాషణ చెబుతాను.

‘సార్, ఇందాక బి పైకి వెళ్లాలనిపించింది. ఇప్పుడు అదే బి కిందికి లాగుతోంది.’

‘ఏమి మారిందమ్మా?’

‘షడ్జమం మారింది సార్. ఇందాక ఎఫ్ మధ్యమం, ఇప్పుడు అది నిషాదం. బి ఇప్పుడు మధ్యమం.’

డామినెంట్ అనే మాట ఆ అమ్మాయి అప్పటికి వినలేదు. అయినా విషయం మొత్తం ఆ జవాబులో ఉంది. ట్రైటోన్ ఒంటరిగా దారి చెప్పదు. ఏది ఇల్లు అన్నది చెవికి ముందే తెలిసి ఉండాలి. ఈ ప్రశ్నను సి తో మాత్రమే అడిగి వదిలేస్తే, బి అనే మెట్టుకే పైకి వెళ్లే గుణం ఉందన్న తప్పు అభిప్రాయం పిల్లల్లో పాతుకుపోతుంది. రెండు కార్డ్‌ల మధ్య కొంత విరామం ఇవ్వడం మాత్రం మరవకండి. వెంటవెంటనే వాయిస్తే పాత షడ్జమం చెవిని వదలదు, జవాబులు కలగాపులగమవుతాయి.

మూడో ప్రశ్న: నిషాదాన్ని అర్ధస్వరం దించితే

వరుస మళ్లీ మొదటి నుంచి. జి సెవెన్ చోట ఈసారి బి బదులు బి ఫ్లాట్ నొక్కమనండి. అంటే కాకలి నిషాదం పోయి కైశికి నిషాదం వచ్చింది, శంకరాభరణం హరికాంభోజి అయింది. కార్డ్ జి మైనర్ సెవెన్ అయింది. ‘చివరి సి మేజర్ వచ్చినప్పుడు ఇందాకటి విడుపు ఉందా? లేకపోతే ఏమి తగ్గింది?’ షడ్జమానికి ఇప్పుడు పూర్తి స్వరం దూరం ఉంది. మధ్యమంతో ట్రైటోన్ కూడా లేదు. సి మేజర్ వస్తుంది, బాగానే ఉంటుంది, కానీ తప్పక రావలసిందిగా అనిపించదు.

ఇదే ప్రశ్నను మైనర్‌లో అడిగితే ఇంకా స్పష్టంగా తేలుతుంది. ఎ ని షడ్జమం చేసుకుని తెల్ల మెట్లు మాత్రమే వాయిస్తే నఠభైరవి మేళం. అందులో పంచమం మీద కట్టిన కార్డ్ ఇ మైనర్. ఇ మైనర్ నుంచి ఎ మైనర్‌కు వెళ్లి చూడమనండి. తర్వాత జి ని జి షార్ప్ చేసి, ఇ మేజర్ నుంచి ఎ మైనర్‌కు వెళ్లమనండి. నిషాదం ఒక్కటే మారింది, మేళం కీరవాణి అయింది. పాశ్చాత్యులు హార్మోనిక్ మైనర్ అనే స్కేలును ఎందుకు వాడతారో ఒక పేజీ వివరణ కంటే ఈ రెండు కార్డ్‌లు బాగా చెబుతాయి. కీరవాణి పేరు వినగానే కర్ణాటక సంగీతం పిల్లల ముఖాల్లో వెలుగు వస్తుంది. ఇక్కడ చర్చి పిల్లలు వెనకబడకుండా వాయించే పని వాళ్లకు అప్పగించండి.

నాలుగో ప్రశ్న: అన్నీ చేరినా ఎందుకు తీరలేదు?

జి సెవెన్ వరకు మామూలుగా వెళ్లమనండి. తర్వాత కుడి చేతిలో స, గ మాత్రమే నొక్కాలి. మొదటిసారి ఎడమ చేయి పంచమం నుంచి షడ్జమానికి వెళ్లాలి. రెండోసారి కుడి చేయి అలాగే ఉండాలి, ఎడమ చేయి పంచమం నుంచి ధైవతానికి వెళ్లాలి. రెండోసారి మోగింది ఎ మైనర్: ధ స గ. దీన్ని డిసెప్టివ్ కేడెన్స్ అంటారు.

పేరు చెప్పకుండా అడగండి: ‘నిషాదం షడ్జమం చేరిందా? మధ్యమం గాంధారం చేరిందా? రెండూ చేరితే పాట ఎందుకు ముగిసినట్టు లేదు?’

ముందు రెండు ప్రశ్నలతో పిల్లలు ఒక సిద్ధాంతం కట్టుకుని ఉంటారు: రెండు స్వరాలూ పక్క మెట్టుకు వెళితే విడుపు వస్తుందని. ఈ ప్రశ్న దాన్ని కదిలిస్తుంది. వెళ్లవలసిన స్వరాలు రెండూ వెళ్లాయి, కానీ కింద మూలం ఇంటికి రాలేదు. బిగువు కొంత తీరింది, కొంత మిగిలింది. కాబట్టి విడుపు ఉందా లేదా అని రెండు ముక్కల్లో అడగకూడదని కూడా ఇక్కడే తెలుస్తుంది. ఎంత వరకు తీరింది, ఏది మిగిలింది అని అడగాలి. ఈ ఒక్క ప్రశ్నకు తరగతిలో సగం సమయం పట్టినా నాకు అభ్యంతరం లేదు. పిల్లలు తమంతట తామే ఎడమ చేతిని గాంధారానికి, మధ్యమానికి కూడా తీసుకెళ్లి చూడటం మొదలుపెడతారు. చూడనివ్వండి.

చర్చి నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడ ఇంకో ప్రశ్న చేర్చవచ్చు. కీర్తన చివర ‘ఆమెన్’ పాడేటప్పుడు వచ్చే ఎఫ్ మేజర్, సి మేజర్ వరుసను వాయించమని, ‘ఇందులో నిషాదం ఎక్కడుంది?’ అని అడగండి. లేదు. మధ్యమం గాంధారానికి దిగుతుంది, ధైవతం పంచమానికి దిగుతుంది, షడ్జమం ఉన్నచోటే ఉంటుంది. ట్రైటోన్ లేదు, కింది నుంచి పైకి లాగే స్వరం లేదు. అందుకే అది తీర్పులా కాకుండా, ముగిసిన పాట మీద సద్దుమణిగినట్టు వినిపిస్తుంది.

ఐదో ప్రశ్న: తాళంలో ఎక్కడ?

స్వరాల లెక్క ఒక్కటే చాలదు. ఆది తాళం చేత్తో వేయమనండి. లఘువు నాలుగు అక్షరాలూ సి మేజర్, మొదటి ద్రుతం ఎఫ్ మేజర్, రెండో ద్రుతం జి సెవెన్, తర్వాతి ఆవర్తనం సమం మీద సి మేజర్. తర్వాత మొత్తాన్ని ఒక అక్షరం ముందుకు జరిపి, చివరి సి మేజర్ ఎనిమిదో అక్షరం మీద పడేలా వాయించండి. కార్డ్‌లు అవే, స్వరాలు అవే. సమం మీద పడినప్పుడు కాలు మోపినట్టుంటుంది. ఎనిమిదో అక్షరం మీద పడితే ఇంకా ఏదో రావాలని చెవి అడుగుతుంది. తాళం వేస్తున్న చేయే ఈ జవాబు చెబుతుంది. చేయి వేయకుండా ఊరికే వింటే చాలామందికి తేడా తెలియదు. అందుకని ఈ ప్రశ్నను కాగితం మీద ఇవ్వవద్దు.

ఈ జవాబుల హద్దులు

జి సెవెన్ తర్వాత సి మేజర్ రావాలనే ఎదురుచూపు విని నేర్చుకున్నది. పాశ్చాత్య సంగీతంలోనే బ్లూస్‌లో సి సెవెన్‌ను ఇంటి కార్డ్‌గా పెట్టుకుని పాట మొదలుపెట్టి దాని మీదే ముగిస్తారు. అందులో గాంధారానికి, కైశికి నిషాదానికి మధ్య ట్రైటోన్ ఉంది, అయినా ఎవరికీ తీరని బిగువుగా తోచదు. కచేరీలు మాత్రమే విని పెరిగిన విద్యార్థి నిషాదం మీద ఎంతసేపు నిలిచినా అశాంతి అనిపించలేదని చెబితే, అది తప్పు జవాబు కాదు. ‘సి మేజర్ కొన్నిసార్లు విన్నాక మళ్లీ చెప్పు’ అని అడగండి. మారితే మారిందని, మారకపోతే మారలేదని రాసుకోండి.

మార్కులు వేసే ప్రశ్న

పరీక్షలో సి స్కేలునే ఇస్తే కంఠస్థం చేసినవాడికీ విన్నవాడికీ తేడా కనబడదు. ఎఫ్ ని షడ్జమం చేసి అడగాలి. ప్రశ్న ఇలా ఉండవచ్చు:

‘సి, ఇ, జి, బి ఫ్లాట్ స్వరాలున్న కార్డ్ తర్వాత ఎఫ్ మేజర్ వచ్చింది. (అ) మొదటి కార్డ్‌లో ట్రైటోన్ ఏ రెండు స్వరాల మధ్య ఉంది? (ఆ) ఆ రెండూ ఎఫ్ మేజర్‌లో ఏ స్వరాలను చేరాయి? (ఇ) సి స్కేలులో ఇల్లుగా ఉన్న సి, ఇ, జి ఇక్కడ ఎందుకు నిలవలేకపోతున్నాయి? (ఈ) ఎఫ్ మేజర్ బదులు డి మైనర్ వస్తే ఏది తీరుతుంది, ఏది మిగులుతుంది?’

మొదటి రెండింటికీ ఒక్కొక్క మార్కు చాలు: ఇ, బి ఫ్లాట్‌ల మధ్య, ఇ పైకి ఎఫ్‌కు, బి ఫ్లాట్ కిందికి ఎ కు. మూడోదానికి మూడు మార్కులు ఇస్తాను. ‘షడ్జమం ఎఫ్‌కు మారింది, సి ఇప్పుడు పంచమం, ఇ ఇప్పుడు నిషాదం’ అన్న విషయం ఏ మాటల్లో రాసినా మూడూ వేస్తాను. ‘సెవెంత్ కార్డ్ కాబట్టి’ అని మాత్రమే రాస్తే ఒకటి. ఎందుకంటే బి ఫ్లాట్ తీసేసి సి మేజర్‌గానే ఉంచినా, ఎఫ్ ఇల్లని చెవికి తెలిసినప్పుడు ఇ పైకి లాగుతూనే ఉంటుంది, లాగు కొంత తగ్గుతుందంతే. నాలుగోదానికి మూడు మార్కులు: ఎఫ్, ఎ రెండూ డి మైనర్‌లో ఉన్నాయి కాబట్టి కదలవలసిన స్వరాలు చేరాయి, కానీ మూలం సి నుంచి ఎఫ్‌కు రాకుండా డి కి వెళ్లింది. రాసింది పూర్తయ్యాక ప్రతి విద్యార్థినీ కీబోర్డు దగ్గరికి పిలిచి ఇ, బి ఫ్లాట్ కలిపి నొక్కి, తర్వాతి రెండు స్వరాలను పాడించండి. కాగితం మీద ఒప్పు రాసి పాడలేకపోయినవాడిని రెండో ప్రశ్నకు వెనక్కి పంపాలి. పాడి చూపించి కాగితం మీద పేర్లు తప్పిన పిల్లకు పేర్లు మాత్రం మరొకసారి చెబితే సరిపోతుంది.